రేటు పక్కన కాలం: నికర వర్తమాన విలువను చదవడంలో జరిగే పొరపాట్లు



ఒక పెట్టుబడి రాబోయే సంవత్సరాలలో తెచ్చే రాబడిని ఈనాటి రూపాయలలోకి మార్చి, ఆ మొత్తంలోనుంచి పెట్టుబడిని తీసివేయగా మిగిలేదాన్ని నికర వర్తమాన విలువ అంటారు. లెక్కలు రాసేవారు, బ్యాంకులలో ఋణ దరఖాస్తులను పరిశీలించేవారు దీన్నే పొట్టిగా ఎన్‌పీవీ అని వ్యవహరిస్తారు. ఏడాదికి నూటికి 12 రూపాయల రాబడి కోరుకునే మనిషికి, ఏడాది తరువాత చేతికందే 112 రూపాయలు ఈనాటి 100 రూపాయలతో సమానం. రెండేళ్ళ తరువాత అందే 112 రూపాయలు అంతకంటే తక్కువ, అంటే సుమారు 89 రూపాయలతో మాత్రమే సమానం. రాబోయే డబ్బును ఇలా వెనక్కి లెక్కగట్టడానికి వాడే 12 శాతాన్ని తగ్గింపు రేటు అంటారు. చివరకు తేలిన ఎన్‌పీవీ సున్నాకంటే ఎక్కువైతే పెట్టుబడి కోరుకున్న రాబడికి మించి ఇస్తుందని, తక్కువైతే ఆ రాబడిని అందుకోలేదని అర్థం.

ఈ లెక్కను ఒకప్పుడు పట్టికలు దగ్గర పెట్టుకుని చేతితో చేసేవారు. 1979లో వెలువడిన విసీకాల్క్ అనే తొలితరం స్ప్రెడ్‌షీట్‌లోనే దీనికొక సూత్రం ఉండగా, తరువాత వచ్చిన లోటస్, ఎక్సెల్ వంటివి దాన్ని కొనసాగించాయి. `NPV` అని టైపు చేసి, రేటు ఉన్న గడిని, డబ్బు అంకెలు ఉన్న గడులను చూపిస్తే క్షణంలో జవాబు వస్తుంది. అయితే ఆ సూత్రానికి గడులలోని అంకెలు, వాటి వరుసక్రమం తప్ప మరేమీ తెలియవు. ఏ అంకె జేబులోనుంచి పోయే డబ్బో, ఏది జేబులోకి వచ్చే డబ్బో, ఒక గడికీ తరువాతి గడికీ మధ్య గడిచేది నెలో సంవత్సరమో, రేటు ఏ కాలానికి చెందినదో దానికి తెలియదు. ఈ సంగతులు పట్టిక తయారుచేసిన మనిషి మనసులో మాత్రమే ఉంటాయి కాబట్టి, మనసులో ఉన్నదొకటి, గడులలో ఉన్నది మరొకటి అయినప్పుడు స్ప్రెడ్‌షీట్ తప్పని హెచ్చరించదు. అడగని ప్రశ్నకు సరైన జవాబును చూపిస్తుంది.

దీన్ని ఒక ఉదాహరణతో పరిశీలించడం మేలు. మిర్యాలగూడ వంటి బియ్యం మిల్లుల పట్టణంలో ఒక మిల్లు యజమాని, నల్ల గింజలను, రంగు మారిన గింజలను ఏరివేసే సార్టెక్స్ యంత్రాన్ని 10 లక్షల రూపాయలకు కొనాలని ఆలోచిస్తున్నట్టు ఊహించవచ్చు. శుభ్రమైన బియ్యానికి దొరికే మెరుగైన ధర వల్ల, కరెంటు, మరమ్మతుల ఖర్చులు పోగా, నెలకు 22,000 రూపాయలు అదనంగా మిగులుతాయని, యంత్రం ఐదేళ్ళు పనిచేసి ఆ తరువాత దేనికీ కొరగాదని అనుకుందాం. యజమాని కోరుకునే రాబడి ఏడాదికి 12 శాతం. ఏడాదికి 22,000ను 12తో గుణిస్తే 2,64,000 రూపాయలు, ఐదేళ్ళకు 13,20,000. పట్టికలో పై గడి అయిన B1లో రేటు, దాని కింద B2లో యంత్రం ధర, B3 నుంచి B7 వరకు ఐదేళ్ళ మిగులు రాస్తారు. యంత్రం ధర బయటికి పోయే డబ్బు కాబట్టి దాని ముందు మైనస్ గుర్తు ఉంటుంది. అప్పుడు రాయవలసిన సూత్రం ఇది:

```
=NPV(B1, B3:B7) + B2
```

ఐదేళ్ళ మిగులును మాత్రమే `NPV` సూత్రానికి అప్పగించి, ఈరోజే పోయే 10 లక్షలను బయట విడిగా కలపాలన్నది ఇందులోని భావం. ఐదేళ్ళ మిగులు నేటి విలువ 9,51,661 రూపాయలు. 10 లక్షలు పోగా జవాబు మైనస్ 48,339 రూపాయలు. ఈ అంకె కూడా చివరి మాట కాదని ప్రసంగం ముందుకు సాగేకొద్దీ తెలుస్తుంది. ముందుగా ఇదే పట్టికలో గుర్తుల పొరపాటు ఎలా దొర్లుతుందో చూడాలి.

ధరను, ఖర్చును మైనస్ గుర్తు లేకుండా రాయడం దుకాణం చిట్టా నుంచి కంపెనీ లెక్కల పుస్తకం వరకు ఎక్కడైనా కనిపించే అలవాటు. ఖర్చు అనే శీర్షిక కింద రాసిన అంకె ఖర్చేనని మనిషికి తెలుసు గనక గుర్తు అవసరం అనిపించదు. కానీ B2లో 10,00,000 అని గుర్తు లేకుండా రాసి, చివర ప్లస్ గుర్తుతో కలిపితే, యంత్రం కొన్నందుకు అమ్మినవారే 10 లక్షలు ఎదురిచ్చినట్టు లెక్క వచ్చి, జవాబు 19,51,661 రూపాయలుగా కనిపిస్తుంది. B2లో మైనస్ గుర్తు పెట్టి, సూత్రంలో మళ్ళీ మైనస్ గుర్తు వాడినా ఫలితం అదే, ఎందుకంటే మైనస్‌లోనుంచి మైనస్ పోతే ప్లస్ అవుతుంది. ఒక పట్టికలో ఖర్చులన్నీ మైనస్‌గా రాయాలి, లేదా ఖర్చులన్నీ గుర్తు లేకుండా రాసి సూత్రంలో తీసివేయాలి. ఈ రెండు పద్ధతులలో ఏదైనా సరైనదే గాని, ఒకే పట్టికలో రెండూ కలిస్తే చేటు.

ఈ గందరగోళానికి ఎక్సెల్‌లోనే ఉన్న మరొక సూత్రం కూడా కారణమవుతుంది. ప్రతి ఏడాదీ ఒకే మొత్తం వచ్చే సందర్భంలో చాలామంది `NPV` బదులు `PV` అనే సూత్రాన్ని వాడతారు. దీనికి 12 శాతం, 5 సంవత్సరాలు, 2,64,000 అని ఇస్తే వచ్చే జవాబు 9,51,661 కాదు, మైనస్ 9,51,661. ఐదేళ్ళపాటు ఏటా 2,64,000 చేతికి రావాలంటే ఈరోజు 9,51,661 చేతినుంచి పోవాలి అన్న ఒప్పందం మీద ఆ సూత్రం నడుస్తుంది కాబట్టి, వచ్చే డబ్బుకు ఒక గుర్తు పెడితే జవాబు దానికి ఎదురు గుర్తుతో వస్తుంది. `NPV` సూత్రం అలా గుర్తు మార్చదు. ఈ తేడా తెలియక `PV` ఇచ్చిన జవాబుకు మైనస్ 10 లక్షలను కలిపితే మైనస్ 19,51,661 అవుతుంది. అంటే ఇంతకుముందు లాభంగా కనిపించిన అంకెలే ఇప్పుడు అంతే నష్టంగా కనిపిస్తాయి.

గుర్తుల పొరపాటును పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రేటు గడిలో 12 శాతం తీసేసి తాత్కాలికంగా సున్నా పెట్టాలి. రేటు సున్నా అయితే రేపటి రూపాయికీ నేటి రూపాయికీ తేడా లేదు కాబట్టి, ఎన్‌పీవీ కేవలం కూడికలు తీసివేతల లెక్కగా మారుతుంది. ఈ యంత్రం విషయంలో 13,20,000లోనుంచి 10,00,000 పోతే 3,20,000 రావాలని చిన్న పిల్లలైనా చెప్పగలరు. గడిలో 3,20,000 కనిపిస్తే గుర్తులు సరిగా ఉన్నట్టు. 23,20,000 కనిపిస్తే ఎక్కడో ఒక ఖర్చు ఆదాయంగా మారినట్టు.

రెండవ పొరపాటు కాలం ఎక్కడ మొదలవుతుందన్న దానికి సంబంధించింది. `NPV` అన్న పేరులో ఉన్న మొదటి అక్షరం నికరం అన్న మాటకు గుర్తు కాబట్టి, పెట్టుబడిని కూడా కలిపి మొత్తం గడులన్నీ అప్పగిస్తే నికర విలువ తానే తేలుస్తుందని ఎవరైనా అనుకోవడం సహజం. నిజానికి ఆ సూత్రం తనకు ఇచ్చిన మొదటి అంకె ఈరోజు కాక, ఒక కాలం గడిచాక వస్తుందని భావించి, దాన్ని కూడా ఒకసారి తగ్గిస్తుంది. అంటే B2 నుంచి B7 వరకు అన్నీ ఇస్తే, ఈరోజు చెల్లించవలసిన 10 లక్షలను ఏడాది తరువాత చెల్లిస్తున్నట్టు, మొదటి ఏడాది మిగులు రెండో ఏడాది చివర వస్తున్నట్టు లెక్క నడుస్తుంది. మైనస్ 48,339 రావలసిన చోట మైనస్ 43,160 వస్తుంది.

ఈ పొరపాటుకు ఒక విచిత్రమైన స్వభావం ఉంది. అంకెలన్నీ ఒక్కొక్క ఏడాది వెనక్కి జరగడం వల్ల మొత్తం జవాబు 1.12తో భాగింపబడుతుంది తప్ప మరేమీ మారదు. కాబట్టి లాభం నష్టంగా గాని, నష్టం లాభంగా గాని ఎన్నడూ మారదు. తీర్పు తప్పకపోవడం వల్లనే తప్పు బయటపడక, ఒకే పట్టికను ఏళ్ళ తరబడి కొత్త అంకెలతో వాడుతూ పోతారు. కానీ ఒక యంత్రం లెక్క ఈ తప్పు పట్టికలోను, మరొక యంత్రం లెక్క సరైన పట్టికలోను చేసి రెండింటినీ పోల్చినప్పుడు, లేదా ఎన్‌పీవీ అంకెనే ఆధారం చేసుకుని వ్యాపారంలో వాటా వెల కట్టినప్పుడు, ఆ పదో వంతుకు మించిన తేడా నేరుగా డబ్బుగా మారుతుంది. రేటు సున్నా పెట్టే పరీక్ష దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే సున్నా రేటు దగ్గర ఏడాది ముందైనా వెనకైనా విలువ ఒకటే. దీనికి వేరే పరీక్ష కావాలి: రేటును 12 శాతంగానే ఉంచి, ఐదేళ్ళ మిగులు గడులన్నింటిలో సున్నాలు నింపాలి. ఏ రాబడీ లేకపోతే పెట్టిన 10 లక్షలు పూర్తిగా పోయినట్టే కాబట్టి జవాబు కచ్చితంగా మైనస్ 10,00,000 ఉండాలి. దాని బదులు మైనస్ 8,92,857 కనిపిస్తే, ఈరోజు ఇవ్వవలసిన డబ్బును సూత్రం ఏడాది వెనక్కి జరిపినట్టు రుజువైనట్టే.

ఈ పరీక్ష చేసేటప్పుడు గడులను ఖాళీ చేయకూడదు, సున్నాలే నింపాలి. ఆ జాగ్రత్త వెనుక మరొక పొరపాటు దాగి ఉంది. యంత్రం మూడో ఏడాది పూర్తిగా మరమ్మతులో ఉండి ఒక్క రూపాయి కూడా మిగలదనుకుందాం. కాగితం మీద అలవాటుగా ఆ ఏడాది గడిని ఖాళీగా వదిలేస్తే, ఎక్సెల్‌లోని `NPV` సూత్రం ఖాళీ గడిని సున్నాగా చదవదు. అసలు ఆ గడే లేనట్టు దాటిపోతుంది. ఫలితంగా నాలుగో ఏడాది మిగులు మూడో ఏడాదికి, ఐదో ఏడాది మిగులు నాలుగో ఏడాదికి ముందుకు జరిగిపోతాయి. సున్నా రాసినప్పుడు జవాబు మైనస్ 2,36,249. ఖాళీగా వదిలినప్పుడు మైనస్ 1,98,140. ఒక్క సున్నా రాయనందువల్ల యంత్రం విలువ 38,109 రూపాయలు పెరిగినట్టు కనిపించింది. అంకె బదులు చిన్న గీత గీసినా, వేరే చోటునుంచి తెచ్చి అతికించిన అంకె అక్షరాలుగా నిలిచిపోయినా ఇదే జరుగుతుంది. అక్షరాలుగా నిలిచిన అంకె సాధారణంగా గడిలో కుడివైపు కాక ఎడమవైపు ఒదిగి కనిపిస్తుంది. అదే దాన్ని గుర్తుపట్టే ఆనవాలు.

మూడవ పొరపాటు నెలకూ సంవత్సరానికీ మధ్య జరిగేది, తెలుగు ప్రాంతాలలో దీనికి ప్రత్యేకమైన కారణం కూడా ఉంది. పల్లెలలోను, వ్యాపార వీధులలోను వడ్డీని నెల లెక్కనే చెబుతారు. రూపాయి వడ్డీ అంటే నూరు రూపాయలకు నెలకు ఒక రూపాయి. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు రెండు. ప్రామిసరీ నోటులో కూడా నెల ఒకటికి నూటికి ఇంత చొప్పున అనే రాసుకుంటారు. బ్యాంకు మాత్రం అదే వడ్డీని ఏడాదికి 12 శాతం, 24 శాతం అని చెబుతుంది. మాట్లాడుకునేటప్పుడు వినేవారికి సందర్భం తెలుసు గనక ఈ రెండు భాషలూ కలిసి నడుస్తాయి. స్ప్రెడ్‌షీట్‌లో అవి కలిస్తే లెక్క తల్లకిందులవుతుంది.

మిల్లు యజమాని రూపాయి వడ్డీ అని చెప్పిన మాటను విని లెక్క రాసేవారు రేటు గడిలో 1 శాతం అని పెట్టి, కింద గడులలో మాత్రం ఏడాది మిగులు 2,64,000 చొప్పున రాస్తే, ఏడాదికి ఒక్క శాతం రాబడితో సంతృప్తిపడే మనిషి లెక్క తయారవుతుంది. జవాబు 2,81,306 రూపాయల లాభం. దీనికి ఎదురుగా, నెలకు 22,000 చొప్పున 60 గడులు నింపి, రేటు గడిలో బ్యాంకు చెప్పిన 12 శాతాన్ని అలాగే ఉంచితే, నెలకు పన్నెండు రూపాయల వడ్డీ కోరినట్టవుతుంది. చక్రవడ్డీతో చూస్తే అది ఏడాదికి దాదాపు 290 శాతం. జవాబు 8,16,871 రూపాయల నష్టం. ఈ రెండు తప్పులూ పెద్దవే అయినా, రెండోది చూడగానే అనుమానం కలిగిస్తుంది గనక సాధారణంగా దొరికిపోతుంది. మొదటిది లాభం చూపిస్తుంది గనక ఎవరూ ప్రశ్నించరు. ప్రమాదం అక్కడే ఎక్కువ.

తప్పు తెలిశాక దిద్దుకోవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. గడులలో నెలవారీ డబ్బు ఉంటే రేటును నెలకు మార్చాలి. ఏడాది 12 శాతాన్ని 12తో భాగించి నెలకు 1 శాతం అనడం చాలామంది చేసేపని. ఈ 1 శాతంతో 60 నెలల మిగులు నేటి విలువ 9,89,011 రూపాయలు, ఎన్‌పీవీ మైనస్ 10,989. కానీ నెలకు 1 శాతం చొప్పున నెలనెలా వడ్డీ అసలులో కలుస్తూ పోతే 100 రూపాయలు ఏడాది చివరకు 112 కాక 112 రూపాయల 68 పైసలు అవుతాయి. ఏడాది ముగిసేసరికి కచ్చితంగా 112 మాత్రమే కావాలనుకునే వారికి నెల రేటు అంతకంటే కొంచెం తక్కువ ఉండాలి. ఆ రేటును ఇలా రాబడతారు:

```
=(1+12%)^(1/12)-1
```

పన్నెండుసార్లు తనతో తాను గుణించుకుంటే 1.12 అయ్యే అంకె ఏదో కనుక్కొని, అందులోనుంచి ఒకటి తీసివేయడమే దీని అర్థం. వచ్చే జవాబు నెలకు సుమారు 0.949 శాతం. ఈ రేటుతో 60 నెలల మిగులు నేటి విలువ 10,02,932 రూపాయలు. ఎన్‌పీవీ ప్లస్ 2,932. ఒక లెక్కలో యంత్రం కొనకూడదు, మరొక లెక్కలో కొనవచ్చు. రెండింటిలోనూ యంత్రం ఒకటే, మిగులు ఒకటే, 12 శాతం అన్న మాట కూడా ఒకటే.

ఈ రెండింటిలో సరైనది ఏది అన్న ప్రశ్నకు జవాబు స్ప్రెడ్‌షీట్‌లో దొరకదు. 12 శాతం ఎక్కడనుంచి వచ్చిందో అడిగితే దొరుకుతుంది. అది బ్యాంకు అప్పు మీద వేసే వడ్డీ రేటు అయితే భాగించడమే సరైన పద్ధతి, ఎందుకంటే భారతీయ రిజర్వ్ బ్యాంకు నిర్దేశం ప్రకారం 2002 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకులు, వ్యవసాయ ఋణాలను మినహాయించి, అప్పుల మీద వడ్డీని నెలనెలా వేస్తున్నాయి. ఏడాదికి 12 శాతం అని చెప్పిన బ్యాంకు ప్రతి నెలా 1 శాతం వేస్తుందే తప్ప 0.949 శాతం వేయదు. అలా కాక, ఆ డబ్బును మరొక చోట పెడితే ఏడాది తిరిగేసరికి నూటికి 12 పెరుగుతుందని, ఆ పెరుగుదల ఈ యంత్రం నుంచి కూడా రావాలని యజమాని అనుకుంటే, రెండో పద్ధతి సరైనది. మొదటి దానిలో 12 శాతం పేరుకు చెప్పిన రేటు. రెండో దానిలో ఏడాది చివర నిజంగా చేతికి దక్కే రేటు. రేటు గడి పక్కన అది వీటిలో ఏ రేటో చెప్పే ఒక్క వాక్యం రాసి ఉంచితే, పట్టికను తరువాత చూసేవారెవరూ తడబడరు.

ఇంతకీ మొదట సరైన సూత్రంతో వచ్చిన మైనస్ 48,339 సంగతి ఏమిటన్న సందేహం శ్రోతలకు కలగవచ్చు. ఆ లెక్కలో గుర్తులు సరైనవే, గడులు సరైనవే, రేటు కూడా ఏడాదికి చెందినదే. కానీ మిల్లుకు మిగులు నెలనెలా వస్తుండగా, ఏడాదంతా వచ్చిన 2,64,000 రూపాయలు డిసెంబరు చివరి రోజున ఒక్కసారిగా వచ్చినట్టు పట్టిక భావించింది. జనవరిలో వచ్చిన 22,000కు పదకొండు నెలలు, ఫిబ్రవరిలో వచ్చిన 22,000కు పది నెలలు అనవసరంగా ఆలస్యం జరిగినట్టయింది. అదే ఏడాది రేటును నెలనెలా వచ్చే డబ్బుకు తగినట్టు మార్చగా వచ్చిన ప్లస్ 2,932కూ దీనికీ ఉన్న 51,271 రూపాయల తేడా పూర్తిగా ఈ ఆలస్యం సృష్టించిందే. ఏడాది గడులతోనే పని జరగాలంటే, డబ్బు ఏడాది మధ్యలో వచ్చినట్టు భావించి, ఐదేళ్ళ విలువను 1.12 వర్గమూలంతో గుణించే పద్ధతి ఒకటి ఉంది. అలా చేస్తే ఎన్‌పీవీ ప్లస్ 7,143 వస్తుంది. అది నెలవారీ లెక్కకు చాలా దగ్గరే. ఏటా ఒకసారి మాత్రమే పంట అమ్మి డబ్బు చూసే రైతు విషయంలో ఏడాది గడులే సత్యానికి దగ్గర. రోజూ గల్లాపెట్టె తెరిచే వ్యాపారి విషయంలో అవి పెట్టుబడిని తక్కువ చేసి చూపిస్తాయి.

డబ్బు వచ్చే తేదీలు సమాన దూరంలో లేనప్పుడు `XNPV` అనే మరొక సూత్రం వాడవచ్చు. అది అంకెలతోపాటు తేదీలను కూడా అడిగి, ఏడాదిని 365 రోజులుగా తీసుకుని, మొదటి తేదీ నుంచి ఎన్ని రోజులు గడిచాయో లెక్కిస్తుంది. ఇది చాలా చిక్కులను తొలగిస్తుంది గాని, `NPV`కి అలవాటుపడినవారు ఇందులో రెండు చోట్ల జారిపడతారు. ఇది మొదటి అంకెను తగ్గించదు గనక పెట్టుబడిని కూడా గడులలోనే కలిపి ఇవ్వాలి. ఇది ఎప్పుడూ ఏడాది చివర చేతికి దక్కే రేటునే ఆశిస్తుంది గనక, గడులలో నెలనెలా తేదీలు ఉన్నా, నెల రేటు ఇవ్వకూడదు. బ్యాంకు నెలనెలా వేసే 12 శాతాన్ని దీనికి ఇవ్వాలంటే 12.68 శాతంగా మార్చి ఇవ్వాలి.

చివరగా, ఫలితాన్ని చదవడం గురించి ఒక మాట అవసరం. ఈ యంత్రం మీద రెండు సమంజసమైన లెక్కలు ప్లస్ 2,932, మైనస్ 10,989 అని చెప్పాయి. 10 లక్షల పెట్టుబడి ముందు ఈ రెండూ సున్నాకు ఆనుకుని ఉన్న అంకెలే. పెట్టుబడి సరిగ్గా గిట్టుబాటు కావడానికి మొదటి లెక్కలో నెలకు 21,936 రూపాయలు, రెండో లెక్కలో 22,244 రూపాయలు మిగలాలి. రెండింటికీ తేడా మూడు వందల రూపాయల పైచిలుకు మాత్రమే. నెలకు 22,000 మిగులుతుందన్న అంచనాయే మూడు వందలు అటూ ఇటూ కాదని ఏ మిల్లు యజమానీ ప్రమాణం చేయలేడు. కాబట్టి ఇక్కడ ప్లస్ గుర్తును చూసి కొనడం, మైనస్ గుర్తును చూసి మానుకోవడం రెండూ తొందరపాటే. ధర కొంత తగ్గితేనో, యంత్రం ఆరో ఏడాది కూడా పనిచేస్తుందన్న నమ్మకం ఉంటేనో కొనవలసిన పెట్టుబడి అని ఆ అంకెలు చెబుతున్నాయి. లక్షలలో లాభం చూపించే పట్టిక కనిపించినప్పుడు మాత్రం ఆనందించే ముందు గుర్తులను, రేటు కాలాన్ని అనుమానించడం మంచిది.

అప్పు కోసమో, భాగస్వామ్యం కోసమో ఎవరైనా ఎన్‌పీవీ అంకెను ముందు పెట్టినప్పుడు, శ్రోతలు ఆ అంకె ఒక్కదాన్ని కాక పట్టికనే అడిగి తీసుకోవాలి. రేటును సున్నా చేసి గుర్తులను, రాబడిని సున్నా చేసి మొదటి కాలాన్ని స్వయంగా పరీక్షించాలి; రేటు నెలదా ఏడాదిదా, పేరుకు చెప్పినదా చేతికి దక్కేదా అని పట్టిక రాసినవారిచేతనే ఆ గడి పక్కన రాయించాలి. ఆ పక్క గడి ఖాళీగా ఉన్నంతవరకు, కింద చివరి గడిలో కనిపించే అంకె ఎంత పెద్దదైనా దాని మీద సంతకం పెట్టకూడదు.